మూత్రద్వారం దగ్గర ఎర్రటి కండ: కారంకలా, ప్రొలాప్సా? తరచుగా అడిగే ప్రశ్నలు

ముట్లు ఆగిపోయి పది పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళు మా ఓపీకి వచ్చి చాలాసేపు మోకాళ్ళ నొప్పుల గురించే మాట్లాడతారు. లేచి వెళ్ళబోతూ, గొంతు తగ్గించి, "కింద ఏదో ఎర్రగా కండలాగా తగులుతోందమ్మా" అంటారు. కొందరు ఆ మాట కూడా అనలేరు. లంగా మీద మరక చూసిన కూతురో కోడలో వెంట పెట్టుకుని తీసుకొస్తారు. గైనకాలజిస్టుగా ఇలాంటి వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

మూత్రద్వారం, యోని రెండూ ఒకటే కదా? ఆ కండ సరిగ్గా ఎక్కడ ఉంటుంది?

ఒకటి కాదు. పిల్లల్ని కన్న తల్లులు కూడా చాలామంది ఒకటే అనుకుంటారు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ముందువైపు నుంచి వెనక్కి వస్తే మొదట మూత్రం వచ్చే చిన్న రంధ్రం, దాని వెనకే యోని, ఆ తర్వాత మలద్వారం ఉంటాయి. మూత్రద్వారం చాలా చిన్నది, మామూలుగా చూస్తే ఒక చిన్న నొక్కులాగా ఉంటుంది. ఇక్కడ మాట్లాడుకుంటున్న కండ సరిగ్గా ఆ రంధ్రం అంచున వస్తుంది.

చూసుకోవాలంటే పగటి వెలుతురులో దిండుకి ఆనుకుని మోకాళ్ళు మడిచి కూర్చుని, చేతి అద్దం పెట్టుకుని, పెదవుల్లాంటి మడతలను రెండు వేళ్ళతో పక్కకు తీయాలి. పెద్దవాళ్ళకు ఇది ఒంటరిగా కష్టం. అద్దంలో ఏమీ సరిగ్గా కనిపించకపోతే అంతటితో వదిలేసి డాక్టర్‌కి చూపించండి.

కారంకల్ అంటే ఏమిటి? ముసలితనంలోనే ఎందుకు వస్తుంది?

మూత్రనాళం లోపలి గోడకు ఒక మెత్తటి పొర ఉంటుంది. ఆ పొరలో ఒక చోట మాత్రం చిన్న కండ పెరిగి బయటికి కనిపిస్తే దాన్ని యూరెత్రల్ కారంకల్ అంటారు. అది క్యాన్సర్ గడ్డ కాదు, అంటుకునే జబ్బు కాదు, శుభ్రత లేకపోవడం వల్ల వచ్చేదీ కాదు.

మూత్రనాళం చివరి భాగం, యోని గోడ రెండూ ఈస్ట్రోజెన్ హార్మోన్ మీద ఆధారపడి ఉంటాయి. ముట్లు ఆగిపోయాక ఆ హార్మోన్ తగ్గిపోతుంది. యోని గోడ పలచబడి, ఎండిపోయి, లోపలికి ముడుచుకుంటుంది. అలా ముడుచుకుంటూ మూత్రద్వారం వెనక అంచును కొద్దిగా తనవైపు లాగుతుంది. దాంతో లోపల ఉండాల్సిన ఎర్రటి పొర బయటికి తిరగబడుతుంది. బట్ట రాసుకుని, మూత్రం తగిలి, ఆ పొర ఒరిసి వాచి క్రమంగా కండలాగా పెరుగుతుంది. కొందరికి సన్నటి కాడ మీద వేలాడుతున్నట్టు, కొందరికి వెడల్పాటి పీఠం మీద అతుక్కున్నట్టు ఉంటుంది. సాధారణంగా కందిగింజ నుంచి శనగగింజ అంత ఉంటుంది. సెంటీమీటరు దాటేవి తక్కువ.

చాలామందికి దీనితో ఏ బాధా ఉండదు. వేరే పరీక్షలో అనుకోకుండా కనిపిస్తుంది. బాధ ఉన్నవాళ్ళకు తుడుచుకున్నప్పుడు చుక్క రక్తం, మూత్రం పోసేటప్పుడు మంట, బట్ట తగిలితే సలుపు ఉంటాయి.

మరి ప్రొలాప్స్ అంటే?

కారంకల్‌లో పొర ఒక చోటే పెరుగుతుంది. యూరెత్రల్ ప్రొలాప్స్‌లో రంధ్రం చుట్టూ ఉన్న పొర మొత్తం జారి బయటికి వస్తుంది. మూత్రనాళం గోడలో రెండు వరసల కండరం ఉంటుంది. లోపలి వరస నిలువుగా, బయటి వరస గుండ్రంగా సాగుతుంది. ఆ రెండింటి మధ్య పట్టు సడలితే లోపలి పొర కిందికి జారుతుంది. ఇక్కడా ఈస్ట్రోజెన్ తగ్గడమే నేపథ్యం. దానికి తోడు ఏళ్ళ తరబడి దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, బరువులు ఎత్తడం ఉంటే లోపలి ఒత్తిడి పెరిగి ఆ పొరను కిందికి నెడుతుంది.

దీన్ని చూపించడానికి నేను ఓపీలో చెప్పే పోలిక చిట్టిగారె. గారెకు మధ్యలో చిల్లు ఉన్నట్టే, గుండ్రటి ఎర్రటి కండకు నడిమధ్యలో మూత్రం వచ్చే రంధ్రం ఉంటుంది. కారంకల్ అయితే గిన్నె అంచుకు అంటుకున్న ఒక మెతుకు లాంటిది. మెతుకు ఒక పక్కన ఉంటుంది, గిన్నె నోరు మామూలుగానే ఉంటుంది.

డాక్టర్లు ఏది ఏదో ఎలా తేలుస్తారు?

ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: రంధ్రం ఎక్కడుంది? మిగతా గుర్తులన్నీ దాని తర్వాతే.

పడుకోబెట్టి చూసినప్పుడు మూత్రద్వారాన్ని గడియారంలాగా అనుకుంటాం. పైవైపు పన్నెండు, యోనివైపు ఆరు. కారంకల్ దాదాపు ఎప్పుడూ ఆరు గంటల దగ్గర, అంటే రంధ్రం వెనక అంచున ఉంటుంది. కండను దూదితో మెల్లగా కిందికి తప్పిస్తే రంధ్రం దాని పైన కనిపిస్తుంది. ప్రొలాప్స్‌లో పన్నెండు నుంచి పన్నెండు దాకా చుట్టూ కండే ఉంటుంది.

చూపుతో తేలకపోతే సన్నటి మూత్రపు గొట్టం, అదే కాథెటర్, లోపలికి పంపుతాం. కండ నడిమధ్య నుంచి గొట్టం వెళ్ళి మూత్రం వస్తే అది ప్రొలాప్స్. కండ పక్కనుంచో పైనుంచో వెళితే అది ప్రొలాప్స్ కాదు, కారంకలో మరొకటో అయి ఉంటుంది. రెండు నిమిషాల పని, ముందు జెల్లీ రాస్తాం కాబట్టి కొద్దిగా మంట తప్ప పెద్ద నొప్పి ఉండదు.

పొరబడే సందర్భాలు రెండున్నాయి. పెద్ద కారంకల్ వాచి రంధ్రాన్ని కప్పేస్తే చుట్టూ కండ ఉన్నట్టే అనిపిస్తుంది. ప్రొలాప్స్ ఒక పక్క ఎక్కువగా, ఒక పక్క తక్కువగా జారితే ఒకే చోట కండ పెరిగినట్టు ఉంటుంది. ఫోన్‌లో ఫొటో పంపి "ఇది ఏది మేడం?" అని అడిగితే నేను జవాబు చెప్పకపోవడానికి కారణం ఇదే. వేలితో తాకి, గొట్టం పంపి చూడకుండా చెప్పడం సరికాదు.

గర్భసంచి జారడం, ఇది ఒకటేనా?

కాదు. గర్భసంచి గానీ మూత్రపు సంచి గానీ జారితే ఉబ్బు యోనిలోంచి వస్తుంది, నిలబడినప్పుడు, దగ్గినప్పుడు పెరుగుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. పెద్ద వయసులో రెండూ కలిసి ఉండొచ్చు. అందుకే పరీక్షలో ఒకసారి దగ్గమంటాం.

మా మనవరాలికి అయిదేళ్ళు. తనకూ అక్కడ ఎర్రగా ఉంది. ఇదేనా?

ప్రొలాప్స్ వచ్చే వయసులు రెండు: ముట్లు మొదలవకముందు, ముట్లు ఆగిపోయాక. రెండు చోట్లా ఈస్ట్రోజెన్ తక్కువే. పాపకు గారె ఆకారంలో కండ, చెడ్డీ మీద రక్తం ఉంటే ప్రొలాప్స్ అనుమానిస్తాం. కారంకల్ పెద్దవాళ్ళ సమస్య. పాపను ఇంట్లోనే తేల్చుకోవద్దు. పిల్లల సర్జన్‌కి గానీ పిల్లల డాక్టర్‌కి గానీ చూపించాలి.

అమ్మకు మూడుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ అని మందులిచ్చారు. తగ్గడం లేదు. ఎందుకు?

ఈ ప్రశ్నకు ఒక కేసుతో జవాబు చెబుతాను. మనిషిని గుర్తుపట్టకుండా వివరాలు కొద్దిగా మార్చాను.

ఆవిడకు 68 ఏళ్ళు. బీపీ ఉంది, గుండె కోసం ఆస్పిరిన్ మాత్ర వేసుకుంటుంది. నాలుగు నెలలుగా లంగా మీద రూపాయి బిళ్ళ కంటే చిన్న మరకలు, మూత్రానికి వెళితే మంట. మొదటి రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. కూతురు బట్టలు ఉతుకుతూ చూసి తీసుకెళితే మూత్ర పరీక్ష రాశారు. అందులో ఎర్ర రక్తకణాలు బాగా కనిపించాయి, చీము కణాలు కొన్ని ఉన్నాయి. ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గలేదు. మందు మార్చారు. మళ్ళీ మార్చారు. మూడుసార్లలో ఒక్కసారి కూడా ఎవరూ పడుకోబెట్టి చూడలేదు.

మా దగ్గరకు వచ్చాక చూస్తే ఆరు గంటల దగ్గర ఆరు మిల్లీమీటర్ల ఎర్రటి మెత్తటి కండ ఉంది. దూది తగలగానే చుక్క రక్తం వచ్చింది. గొట్టం కండ పైనుంచి సులువుగా లోపలికి వెళ్ళింది. గొట్టంతో తీసిన మూత్రాన్ని పరీక్షకు పంపితే అందులో రక్తకణాలు లేవు, కల్చర్‌లో క్రిములు పెరగలేదు. అంటే డబ్బాలో పట్టిన మూత్రంలో కనిపించిన రక్తం మూత్రపు సంచిలోది కాదు, బయటికి వచ్చే దారిలో కండ నుంచి కలిసింది.

మందులకు తగ్గని మంట, రక్తం ఉంటే మీరు గట్టిగా అడగాల్సిన మాట ఇది: "ఒకసారి పరీక్ష చేసి చూడండి డాక్టర్‌గారూ, కింద కండలాగా ఉంది." అలా అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

రక్తం ఆ కండ నుంచే అని తెలిసింది. ఇక వేరే పరీక్షలు ఎందుకు?

ఈ పేజీలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన జవాబు ఇది. కండ కనిపించింది కదా అని అక్కడితో ఆగిపోతే ప్రమాదం. ముట్లు ఆగి ఏడాది దాటాక కనిపించే రక్తం గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కి మొదటి గుర్తు కావచ్చు. ఒకే మనిషికి కారంకల్, గర్భసంచి సమస్య రెండూ ఉండొచ్చు. మరక చూసి అది ఏ దారి నుంచి వచ్చిందో చెప్పలేం.

అందుకే యోనిని తెరిచి చూసే స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి గర్భసంచి ముఖద్వారం చూస్తాం, యోని లోపలినుంచి స్కాన్ చేస్తాం. గర్భసంచి లోపలి పొర మందం నాలుగు మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి పరీక్షకు పంపాలి. అంతకంటే పలచగా ఉన్నా రక్తం మళ్ళీ మళ్ళీ వస్తుంటే ముక్క పరీక్ష చేయాల్సిందే. పైన చెప్పిన ఆవిడకు మూడు మిల్లీమీటర్లు వచ్చింది, ముఖద్వారం శుభ్రంగా ఉంది. అప్పుడే మేం కండ వైద్యం మొదలుపెట్టాం.

మూత్రం మొత్తం ఎర్రగా రావడం, గడ్డలు పడటం మాత్రం వేరే సంగతి. అది మూత్రపు సంచి నుంచో కిడ్నీ నుంచో రావచ్చు. గొట్టంతో తీసిన మూత్రంలోనూ రక్తం ఉంటే యూరాలజిస్ట్ కెమెరాతో లోపల చూడాలి. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందుల వల్లనే అని సర్దిచెప్పుకోవద్దు. ఆ మందులు రక్తస్రావాన్ని పెంచవచ్చు గానీ, రక్తం కారే చోటు వేరే ఉండి తీరాలి. ఆ మందుల్ని మీ అంతట మీరు ఆపకండి.

ఇది క్యాన్సర్ అయ్యే అవకాశం ఉందా?

కారంకల్ క్యాన్సర్‌గా మారే జబ్బు కాదు. సమస్య ఏమిటంటే, మూత్రనాళం క్యాన్సర్ చాలా అరుదుగానైనా మొదట్లో కారంకల్‌లాగే కనిపించవచ్చు. తేడా ఎక్కువగా వేలికి తెలుస్తుంది. కారంకల్ మెత్తగా, కదిలేట్టు ఉంటుంది. గట్టిగా, కదలకుండా ఉన్నా, పుండు పడి అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నా, నల్లటి మచ్చ ఉన్నా, గజ్జల్లో బిళ్ళలు కట్టినా, వారాల్లోనే పెరుగుతున్నా క్రీమ్ రాస్తూ కూర్చోకూడదు. వెంటనే ముక్క తీసి పరీక్షకు పంపాలి. మెత్తటి కండే అయినా రెండు మూడు నెలలు క్రీమ్ వాడాక ఏమాత్రం తగ్గకపోతే కూడా అంతే.

క్రీమ్ ఎలా రాయాలి? హార్మోన్ కదా, భయం లేదా?

బాధలేని చిన్న కారంకల్‌కి ఏ మందూ అవసరం లేదు, అప్పుడప్పుడు చూపిస్తే చాలు. మంట, మరకలు ఉంటే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఇస్తాం. మామూలు పద్ధతి ఇలా ఉంటుంది: రోజూ రాత్రి పడుకునే ముందు బఠాణీ గింజంత, రెండు వారాలు. తర్వాత వారానికి రెండు రాత్రులు. డాక్టర్ మీకు వేరేగా చెబితే అదే పాటించండి.

ఎక్కువమంది తప్పు చేసేది రాసే చోటు దగ్గర. క్రీమ్‌తో వచ్చే గొట్టాన్ని యోని లోపలికి లోతుగా పెట్టి వదిలేస్తే మూత్రద్వారం దగ్గరకు చాలినంత చేరదు. చేతులు కడుక్కుని, వేలి కొనతో కండ మీద, యోని ముందు గోడ మీద, అంటే మూత్రద్వారానికి ఆనుకుని ఉన్న చోట మెల్లగా రాయాలి. కీళ్ళ నొప్పులతో వేళ్ళు వంగని వాళ్ళకు కూతురో కోడలో సాయం చేయాలి. మొదటి వారం కొద్దిగా చుర్రుమంటుంది. అందుకే చాలామంది నాలుగో రోజే మానేస్తారు. పొర పలచబడి ఉన్నందువల్ల ఆ మంట, క్రీమ్ పని మొదలుపెట్టాక తగ్గిపోతుంది. ఫలితం కనిపించడానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది.

ఇంత తక్కువ మోతాదులో పైపైన రాసే మందు రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అయినా రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు, ఇంకా దాని మందులు వాడుతున్నవాళ్ళు తమ క్యాన్సర్ డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు. కారణం తేలని రక్తస్రావం ఉన్నా ముందు ఆ కారణం తేల్చాలి. పైన స్కాన్ గురించి అంతగా చెప్పింది అందుకే.

మంట ఉన్నరోజు వెడల్పాటి బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్ళు పోసి పది నిమిషాలు కూర్చుంటే హాయిగా ఉంటుంది. నీళ్ళలో డెట్టాల్, ఉప్పు, పసుపు ఏదీ కలపొద్దు.

ఆపరేషన్ ఎవరికి కావాలి?

కారంకల్ విషయంలో క్రీమ్‌తో తగ్గనివాళ్ళకు, పెద్దదై మూత్రానికి అడ్డం పడేవాళ్ళకు, రక్తం ఆగనివాళ్ళకు, అనుమానం ఉన్నవాళ్ళకు. కండను పీఠం దగ్గర కోసి, పొర అంచుల్ని కరిగిపోయే దారంతో కుట్టి, తీసిన ముక్కను తప్పకుండా పరీక్షకు పంపిస్తారు. చిన్నదైతే మత్తు ఇంజెక్షన్ ఆ చోటే ఇచ్చి చేయొచ్చు.

ప్రొలాప్స్ చిన్నదై, రంగు ఎర్రగానే ఉంటే ముందు క్రీమ్, బేసిన్ స్నానం, మలబద్ధకం తగ్గించడం చేసి చూస్తాం. కానీ పెద్దవాళ్ళలో బాధపెట్టే ప్రొలాప్స్‌కి చివరికి ఆపరేషన్ అవసరం పడటం ఎక్కువ. జారిన పొరను చుట్టూ ఒక్కసారిగా కోసేస్తే లోపలి అంచు పైకి జారిపోతుంది, కుట్టడం కష్టమవుతుంది. అందుకని సర్జన్ కొంత కోసి, అక్కడ కుట్టు వేసి, మళ్ళీ కొంత కోస్తూ చుట్టూ పూర్తి చేస్తారు. తర్వాత కొద్దిరోజులు మూత్రపు గొట్టం ఉంచుతారు. ఆ గొట్టం తీశాక మూత్రం ధార సన్నబడితే చెప్పాలి. మానే క్రమంలో రంధ్రం ఇరుకు కావడం ఈ ఆపరేషన్ తర్వాత రాగల ఇబ్బంది. తొందరగా చెబితే వెడల్పు చేయడం తేలిక.

రాత్రికి రాత్రే ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళాలి?

ఎర్రగా ఉన్న కండ ఊదారంగుకో నలుపుకో తిరిగి, ఉబ్బి, ముట్టుకోలేనంత నొప్పి పుడితే. జారిన పొర గొంతు బిగిసినట్టై రక్తప్రసరణ ఆగితే ఇలా అవుతుంది. ఎక్కువగా ప్రొలాప్స్‌లోనే, అప్పుడప్పుడు రక్తం గడ్డకట్టిన కారంకల్‌లోనూ చూస్తాం. పొట్ట కింద బిగపట్టి, వెళ్ళాలనిపించినా మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. బట్ట తడిసిపోయేంత రక్తం వచ్చినా అంతే.

పులిపిరికి కట్టినట్టు దారం కట్టేయొచ్చా? పైల్స్ ఆయింట్‌మెంట్ రాయొచ్చా?

వద్దు. పులిపిరికి వెంట్రుక కట్టే అలవాటు మన ఊళ్ళలో ఉంది గనుక చాలామంది ఇది అడుగుతారు. ఇక్కడ కట్టేది మూత్రం వచ్చే దారి అంచుకి. ప్రొలాప్స్ అయితే చుట్టూ పొరనంతా బిగించినట్టు అవుతుంది, మూత్రం ఆగిపోవచ్చు. పైల్స్ ఆయింట్‌మెంట్ కాసేపు తిమ్మిరెక్కించి, జబ్బును దాచిపెడుతుంది. సబ్బుతో రుద్ది కడగడం కూడా మానేయండి, నీళ్ళు చాలు.

తగ్గాక మళ్ళీ వస్తుందా?

రావచ్చు. ఈస్ట్రోజెన్ తగ్గడమనే కారణం అలాగే ఉంటుంది కాబట్టి, క్రీమ్ పూర్తిగా ఆపినవాళ్ళలో నెలల తర్వాత మంట మళ్ళీ మొదలవడం చూస్తుంటాం. ఆపరేషన్ అయినవాళ్ళకూ వారానికి రెండు రాత్రుల క్రీమ్ కొనసాగించమంటాం. దగ్గు, మలబద్ధకం ఉన్నవాళ్ళు వాటికి వైద్యం చేయించుకోకపోతే ప్రొలాప్స్ తిరిగి జారవచ్చు.

మన 68 ఏళ్ళ ఆవిడకు ఆరో వారానికి మరకలు ఆగాయి. మూడో నెలలో చూస్తే కండ సగానికి తగ్గి, లేత గులాబీ రంగుకు వచ్చింది, దూది తగిలినా రక్తం రాలేదు. దాన్ని కోయలేదు. ఆస్పిరిన్ అలాగే వేసుకుంటోంది. బుధవారం, శనివారం రాత్రులు కూతురు గుర్తుచేస్తే క్రీమ్ రాసుకుంటోంది, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకుంటోంది.